పోగొట్టుకున్న చోటు

రాజమండ్రి

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన 2024 సివిల్స్ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం అందింది. పరీక్ష హాల్లోనే ప్రతి ప్రశ్న దగ్గరా నీ జవాబూ, అది ఎంత నమ్మకంతో పెట్టావో కూడా గుర్తు వేసుకుని మంచి పని చేశావు. ఓఎంఆర్ షీటు వాళ్లు తీసేసుకుంటారు, మనకు మిగిలేది ఈ బుక్‌లెట్టే. యూపీఎస్సీ ఇచ్చిన కీ పక్కన పెట్టుకుని జనరల్ స్టడీస్ పేపరు మొత్తం దిద్దాను.

మీ అత్తయ్య నీకు ఫోన్ చేసి "నవ్విన నాపచేనే పండుతుందిలే" అందట. ప్రేమకొద్దీ అంది. ఆ మాట మాత్రం నేను అనలేను తల్లీ. ఆ ఏడాది ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5,83,213 మంది, చివరికి ఎంపికైనవాళ్లు 1,009 మంది. ఎంత కష్టపడినా చాలామందికి రాదు, వాళ్లలో నిజంగా చదివినవాళ్లూ ఉంటారు. అందుకే నీకు వేరే సామెత చెబుతాను: పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి. మళ్లీ మొదటి పేజీ నుంచి అన్ని పుస్తకాలూ తిరగేస్తానన్నావు చూడు, అది పోగొట్టుకోని చోట వెతకడం.

నువ్వు 96 ప్రశ్నలకు జవాబు పెట్టావు. 54 ఒప్పు, అంటే 108 మార్కులు. 42 తప్పు. తప్పుకు మూడింట రెండు వంతుల మార్కు చొప్పున 28 పోయాయి. మిగిలింది 80. జనరల్ కటాఫ్ 87.98.

ఆ 96నీ నువ్వు పెట్టుకున్న గుర్తులను బట్టి మూడు కుప్పలు చేశాను. ఏమీ తెలియక గుడ్డిగా పెట్టినవి 20: ఐదు తగిలి పది మార్కులు తెచ్చాయి, పదిహేను తప్పి పది తీసుకుపోయాయి. నాలుగింట్లో ఒకటి ఊహిస్తే సగటున జరిగేది ఇంతే, లాభమూ లేదు నష్టమూ లేదు. వాటి మీద పెట్టిన సమయం మాత్రం దండగ. రెండు ఆప్షన్లు కొట్టేసి మిగతా రెండింట్లో తేల్చుకోలేక పెట్టినవి 36. సగం ఒప్పయ్యాయి, సగం తప్పాయి, అయినా నికరంగా 24 మార్కులు మిగిలాయి. భయపడి వీటిని ఖాళీగా వదిలేయకు.

మూడో కుప్ప దగ్గరే నాకు ప్రాణం ఉసూరుమంది. బాగా తెలుసని పెట్టిన 40లో తొమ్మిది తప్పు. ఒకచోట "నాట్ కరెక్ట్" అని ఉంటే సరైన వాక్యమే ఎంచావు. ఇంకోచోట ఎన్ని వాక్యాలు ఒప్పో అడిగితే మూడో వాక్యం చదవకుండానే "రెండు మాత్రమే" అని పెట్టేశావు. ఇలాంటిది ఒక్కటి దిద్దుకుంటే రావలసిన రెండూ వస్తాయి, పోయినదీ తిరిగొస్తుంది. మూడు దిద్దుకుంటే ఎనిమిది మార్కులు. 80కి ఎనిమిది కలిపితే 88.

అలాగని ఈ తొమ్మిదీ సరిచేసుకుంటే ఈసారి ఖాయం అనుకోకు. 2023లో జనరల్ కటాఫ్ 75.41. నీ 80 మార్కులు ఆ ఏడాది గట్టెక్కించేవి, 2024లో చాల్లేదు. పేపరు ఎలా వస్తుందో, గీత ఎక్కడ గీస్తారో నీ చేతిలో లేదు. కాబట్టి తప్పిన ఏడాదిని నీ తెలివికి తీర్పుగా చూడకు. గీత దాటినా అది మెయిన్స్‌కు ప్రవేశం మాత్రమే. నీ చేతిలో ఉన్నది ఆ మూడో కుప్ప. వారానికో మాక్ టెస్టు రాసి, ఇదే పద్ధతిలో మూడు కుప్పలు చేసి, ఒక నోటుబుక్కులో రాసుకో. మూడో కుప్పలో తప్పులు తగ్గుతుంటే నువ్వు దారిలో ఉన్నట్టు. నెలల తరబడి తగ్గకపోతే గంటలు పెంచడం కాదు, చదివే తీరే మార్చాలి.

ఇంకో మాట. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అంటారు. జనరల్ కేటగిరీలో నీకున్నవి ఆరు ప్రయత్నాలు, 32 ఏళ్ల వయోపరిమితి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన ప్రయత్నం ఖర్చు కాదు, ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరుకు కూర్చున్నా ఖర్చవుతుంది. సిద్ధంగా లేని ఏడాది హాలుకు వెళ్లకు. వయసు మాత్రం ఆగదు. అందుకని ఎక్కడిదాకా రాయాలో ఇప్పుడే, మనసు నిలకడగా ఉన్నప్పుడే తేల్చుకుని నాన్నకూ చెప్పు. ఫలితం వచ్చిన రాత్రి తీసుకునే నిర్ణయం మీద, కొనసాగడమైనా మానడమైనా, నాకు నమ్మకం లేదు. ఈలోగా గ్రూప్-2 నోటిఫికేషన్ వస్తే రాయి. పాలిటీ, చరిత్ర, ఎకానమీ చాలావరకు అవే. అది రాయడం సివిల్స్‌ను వదిలేయడం కాదు. మానేయాల్సి వచ్చినా ఈ ఇంట్లో నీ స్థానం ఏమీ మారదు, అది మాత్రం మాటిస్తున్నాను.

సీశాట్ పేపరు పంపడం మరిచావు. అందులో 200కి 66 రాకపోతే మొదటి పేపరు అసలు లెక్కలోకే రాదు. దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

మీ పెదనాన్న