శుకనాసోపదేశము – వ్యాసపరీక్షకు సంగ్రహించు విధము

బాణభట్టు కాదంబరిలోని శుకనాసోపదేశము సంస్కృత విద్యార్థులకు పాఠ్యభాగముగ చిరపరిచితమైనది. మరాఠీ, కన్నడ భాషలలో నవలకు ‘కాదంబరి’ యనియే పేరు. కావున దీనిని నవలలోని యొక ప్రకరణముగ గ్రహించుట యుక్తమే. అయితే ఈ ప్రకరణమున కథ దాదాపు శూన్యము. యౌవరాజ్యాభిషేకమునకు ముందు చంద్రాపీడుడు మంత్రిని చూడబోవును, మంత్రి ఉపదేశించును, రాజకుమారుడు విని సంతోషముతో మరలును. కథాంశమింతియే. కథను క్లుప్తముగ జెప్పుటయే సంగ్రహమనుకొను విద్యార్థికి ఇచట చేతికి చిక్కునది మూడు వాక్యములు మాత్రమే.

ఉదాహరణమునకు, విశాఖపట్టణమున ఆటోనగరులోని యొక లేతు వర్క్‌షాపులో పగలెల్ల పనిచేసి, రాత్రి ఒక గంట చదువుకొని ప్రైవేటుగ పరీక్షకు గూర్చొను విద్యార్థిని ఊహింపవచ్చును. అతడు వ్రాసికొను సంగ్రహము సామాన్యముగ ఇట్లుండును: మొదట కథ నాలుగు పంక్తులు, పిదప లక్ష్మి చంచల యని రెండు పుటలు, చివర కంఠస్థము చేసిన యొక దీర్ఘసమాసము. ఇందు అసత్యమేమియు లేదు. కాని ‘శుకనాసుని యుపదేశ తాత్పర్యమును వివరింపుము’ అను ప్రశ్నకు ఇది సమాధానము కాజాలదు. లోపమెచ్చటనో తెలిసికొనుటకు మన శాస్త్రములలోనే సాధనము కలదు.

తాత్పర్య నిర్ణయము

ఒక ప్రకరణము యొక్క తాత్పర్యమును నిశ్చయించుటకు మీమాంసకులును వేదాంతులును ఆరు లింగములను జెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. వేదవాక్యమునకై ఏర్పడిన యీ పద్ధతి పాఠ్యభాగమునకును చక్కగ నుపకరించును.

ఉపక్రమమున శుకనాసుడు, శాస్త్రములన్నియు నేర్చిన నీకు ఉపదేశింపవలసినది లేదనుచునే, యౌవనము వలన గలుగు చీకటి సూర్యకాంతికిని దీపకాంతికిని తొలగునది కాదనును. ఉపసంహారమున, జనులు నవ్వకుండునట్లు, సజ్జనులు నిందింపకుండునట్లు, గురువులు ధిక్కరింపకుండునట్లు మెలగుమని హెచ్చరించును. ఈ రెండు కొనలను గలిపి చూచినచో ప్రకరణ విషయము లక్ష్మి కాదనియు, చదువుకొన్నవాని వివేకమును కాపాడుటయే యనియు స్పష్టమగును.

లక్ష్మీనింద అభ్యాసరూపమున అనేక పర్యాయములు వచ్చుచున్నది. అతిశయోక్తులతో నిండియుండుటచే అర్థవాదము గూడ నగుచున్నది. విద్యార్థి దీనినే ప్రధానార్థముగ భ్రమించును. అర్థవాదము స్వతంత్రము కాదు, ప్రధానార్థమునకు శేషము. ఐశ్వర్యమును నిందించుట దానిని విడువుమనుటకు కాదు. ఉపదేశానంతరము శుకనాసుడే అభిషేకమును పొందుమని, దిగ్విజయము చేయుమని చెప్పుచున్నాడు కదా! ఉపపత్తి, పుట్టుకతో వచ్చిన ఐశ్వర్యము, క్రొత్త యౌవనము, సాటిలేని రూపము, మానవాతీతమైన శక్తి అను నాలుగింటి ప్రసక్తిలో నున్నది. వీనిలో ఒక్కొక్కటియే అనర్థహేతువు. నాలుగును ఒకచో జేరినచో చెప్పనేల? అపూర్వత, దోషములకు గుణముల పేర్లుపెట్టి రాజులను మోసగించు వంచకుల వర్ణనమున గలదు: జూదము వినోదమట, వేట వ్యాయామమట, పానము విలాసమట. ఫలము, ఉపదేశము విని చంద్రాపీడుడు కడుగబడినవానివలె, మేలుకొన్నవానివలె నగుట. ఈ ఆరింటికి ఒక్కొక్క వాక్యము వ్రాసికొన్నచో ప్రకరణ సారమంతయు అరపుటలో నిముడును.

ఉదాహరింపదగిన వాక్యములు

ఏ వాక్యము నుదాహరింపవలెను? అందమైన దానినన్నచో బాణుని యందు అన్నియు అందమైనవే. తన మాటలలో జెప్పిన యెడల అర్థములో సగము జారిపోవు వాక్యమునే ఉదాహరింపవలెను. క్షీరసాగరమున తనతో వసించిన వానినుండి లక్ష్మి గుణములను తెచ్చుకొన్నదను ఘట్టమిందుకు తగినది. పారిజాత పల్లవములనుండి రాగమును, చంద్రకళనుండి వక్రతను, మద్యమునుండి మదమును, కౌస్తుభమణినుండి నైష్ఠుర్యమును ఆమె గ్రహించెనట. రాగమనగా చిగురు నందు ఎరుపు, మనస్సు నందు ఆసక్తి. నైష్ఠుర్యము మణి యందు గట్టిదనము, స్వభావమున కాఠిన్యము. తెలుగున ‘ఎరుపు’ అని వ్రాసినచో ఆసక్తి పోవును. ‘ఆసక్తి’ అని వ్రాసినచో చిగురు పోవును. కావున ఇచట మూలపదమే శరణ్యము.

యౌవనతమస్సును గూర్చిన ప్రారంభవాక్యము, ఈ లక్ష్మీవాక్యము, వంచకుల వర్ణనమునుండి ఒక చిన్న ఖండము – ఈ మూడును చాలును. కంఠస్థము చేయుటకు ముందు ఖండాన్వయము చేసికొనవలెను: మొదట క్రియాపదము, పిదప ‘ఎవరు? దేనిని? దేనినుండి?’ అను ఆకాంక్షలతో తక్కిన పదములు. ఇట్లు చేయని విద్యార్థి పరీక్షలో సమాసమును నడుమ విరుచును, పంచమీ విభక్తిని జారవిడుచును. ఆ తప్పులను చూచినంతనే, వాక్యము అర్థము తెలియక వల్లించినదని పరీక్షకుడు గ్రహించును.

పాత్ర పరిణామము

ఈ ప్రకరణమున మాత్రమే చూచినచో చంద్రాపీడుని యందు మార్పు స్వల్పము. ముందు వెనుకలను జేర్చినప్పుడే అతని పరిణామము కనబడును. ఆరవయేట విద్యామందిరమున ప్రవేశించి, పదునారవయేట వెలువడినవాడతడు. అనగా నేర్చినవాడేగాని పరీక్షింపబడినవాడు కాడు. దిగ్విజయానంతరము కిన్నర మిథునమును వెంటాడి సేనకు దూరమైనపుడు, పిల్లవానివలె వ్యర్థముగ శ్రమపడితినని తన్నుతాను నిందించుకొనును. వివేకము తొట్రుపడుటయు, మరల మేలుకొనుటయు అచట కలవు. ఉపదేశఫలమునకు ఆ ఘట్టము సాక్ష్యము.

శుకనాసుని విషయము ఇంతకంటె గంభీరము. లక్ష్మిని ఇంతగా నిందించిన యీ మంత్రి యింట పెరుగుచున్నది ఎవరు? శుకనాసుని స్వప్నమున ఒక దివ్యపురుషుడు ఆయన భార్య మనోరమ యొడిలో పుండరీకము నుంచెను. పిమ్మట వైశంపాయనుడు పుట్టెను. లక్ష్మీపుత్రుడైన పుండరీకుడే ఈ వైశంపాయనుడని ఉత్తరభాగమున తేలును. చంద్రాపీడుడో సాక్షాత్తు చంద్రుని యవతారము. చంద్రకళనుండి లక్ష్మి వక్రతను నేర్చెనని మంత్రి పలుకుచున్నది ఆ చంద్రుని యెదుటనే! వక్తకును శ్రోతకును ఈ సంగతి తెలియదు.

ఇచట ఒక హెచ్చరిక యవసరము. స్వప్నము బాణుని రచనయందే కలదు. పునర్జన్మ రహస్యము వెల్లడియగుట, బాణుని మరణానంతరము అతని కుమారుడు పూరించిన ఉత్తరభాగమున కలదు. ఈ భేదమును గుర్తించియే వ్రాయవలెను. మరియు ప్రశ్న పాఠ్యభాగమునకు పరిమితమైనపుడు ఈ విషయము ముగింపులో ఒక్క వాక్యమునకు మించరాదు.

సమాధాన స్వరూపము

కావున పైన ఊహించిన విద్యార్థి కాగితము ఇట్లు మారును: ఉపక్రమోపసంహారములను గలిపిన తాత్పర్యవాక్యము మొదట, నాలుగు అనర్థహేతువులు పిదప, లక్ష్మీనింద, శ్లేషతో గూడిన ఒక్క ఉదాహరణముతో, వంచకుల వర్ణనము, చంద్రాపీడుని యందలి ఫలము, తుదకు శుకనాసుని యింటి లక్ష్మీపుత్రుని సూచన. కథకు రెండు పంక్తులు చాలును.

ఈ సంగ్రహము మూలపఠనమునకు బదులు కాజాలదు. కాశ్మీరకవి అభినందుడు కాదంబరిని ఎనిమిది సర్గల కథాసారముగ కుదించెను. అందు కథ నిలిచినను బాణుని గద్యగమనము నిలువలేదు. మూలమును ఒక్కసారియైన ఖండాన్వయముతో చదివిన పిదప వ్రాసికొన్న అరపుటయే పరీక్షనాడు విద్యార్థికి మాట యందించును. ఇతరుల యరపుటను వల్లించినవాడు, ప్రశ్న కొంచెము పక్కకు తిరిగినంతనే నిలిచిపోవును.