పరిశోధన అంతరాన్ని గుర్తించడం, ఉపోద్ఘాతంలో దానిని స్థాపించడం: వరిలో నీటి పొదుపు ఉదాహరణగా

విస్తరణ విభాగపు పరిశోధన ప్రతిపాదనలలో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: "ఈ అంశంపై ఈ జిల్లాలో ఇంతవరకు అధ్యయనం జరగలేదు." ఈ మాట నిజమే కావచ్చు. కాని ఇది పరిశోధన అంతరాన్ని తెలపదు. జిల్లా పేరు మార్చితే అదే వాక్యం ఏ ప్రతిపాదనలోనైనా ఇమిడిపోతుంది. ఇప్పటికే వెలువడిన ఫలితాలు ఎన్ని ఉన్నా ఒక నిర్దిష్టమైన ప్రశ్నపై నిర్ణయానికి రాలేకపోతున్నామంటే, అందుకు కారణమైన లోటే పరిశోధన అంతరం. దానిని ఎలా గుర్తించాలో, ఉపోద్ఘాతంలో ఎలా రాయాలో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

ఉదాహరణ

వరి పొలంలో నిరంతరం నీరు నిలపకుండా, తడిపి ఆరబెట్టి మళ్ళీ తడిపే పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విస్తృతంగా ప్రచారం చేసింది. పొలంలో రంధ్రాలున్న గొట్టాన్ని పాతి, అందులోని నీటిమట్టం నేల ఉపరితలానికి 15 సెంటీమీటర్ల దిగువకు చేరినప్పుడు మళ్ళీ నీరు పెట్టడం దీనిలో సురక్షితమైన స్థాయి. తెలంగాణలో బోరుబావుల కింద యాసంగి వరి పండించే రైతులు ఈ పద్ధతిని ఏ మేరకు స్వీకరిస్తున్నారో అధ్యయనం చేయాలని ఒక పరిశోధక విద్యార్థి భావించాడనుకుందాం. రైతుల పరిజ్ఞాన స్థాయిని కొలవడం అతని తొలి ఆలోచన.

మొదటి మెట్టు: ఫలితం ఏ షరతుపై నిలిచిందో రాసుకోవడం

సాహిత్యాన్ని వెతికేటప్పుడు ఒకే పేరుపై ఆధారపడకూడదు. ఈ పద్ధతిపై వచ్చిన వ్యాసాలు వేర్వేరు పేర్లతో ఉన్నాయి. కాబట్టి అన్వేషణ పదాలను ఇలా కూర్చవచ్చు:

```
("alternate wetting and drying" OR "intermittent irrigation")
AND rice AND (adoption OR "water pricing" OR electricity)
```

పత్రికలతో పాటు వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు లభించే కృషికోశ్‌లోనూ వెతకాలి. "ఎవరూ చేయలేదు" అన్న వాదనను ఎక్కువగా కూల్చేవి పక్క విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో ఉన్న సిద్ధాంత గ్రంథాలే.

దొరికిన ప్రతి అధ్యయనానికి పట్టికలో ఒక వరుస కేటాయించాలి. ఎక్కడ జరిగింది, ఏమి కొలిచారు, ఏమి తేలింది అన్న మూడు గడులను అందరూ నింపుతారు. నాలుగో గడి ముఖ్యమైనది: ఆ ఫలితం ఏ షరతుపై నిలిచింది? అంతరం సాధారణంగా ఈ గడిలోనే బయటపడుతుంది.

మన ఉదాహరణలో రెండు వరుసలు చూద్దాం. 2017లో కారిజో, సహచరులు 56 అధ్యయనాలలోని 528 పోలికలను కలిపి విశ్లేషించారు. పొలాన్ని తేలికగా ఆరబెట్టినప్పుడు దిగుబడి చెప్పుకోదగినంతగా తగ్గలేదు; నీటి వినియోగం 23.4 శాతం తగ్గింది. తీవ్రంగా ఆరబెట్టినప్పుడు దిగుబడి 22.6 శాతం పడిపోయింది. ఈ ఫలితం వెనుక ఉన్న షరతు: నీరు ఎప్పుడు పెట్టాలో నిర్ణయించే వీలు సాగు చేసేవారి చేతిలో ఉండటం.

రెండవది 2023లో చక్రవర్తి, దార్, ఎమెరిక్ ప్రచురించిన బంగ్లాదేశ్ అధ్యయనం. అక్కడ చాలామంది రైతులు నీటికి సీజనుకు ఇంత అని స్థిర రుసుము చెల్లిస్తారు. వాడిన కొద్దీ ఖర్చు పెరిగే చోట మాత్రమే గొట్టం వల్ల నీరు ఆదా అయిందని వారి ప్రయోగంలో తేలింది. ఇక్కడ షరతు: అదనంగా వాడే నీటికి ధర ఉండటం.

రెండవ మెట్టు: షరతు మన పరిస్థితిలో నిలుస్తుందా?

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. అంటే మోటారు మరొక గంట నడిపినందుకు రైతుకు అదనపు బిల్లు లేదు. బంగ్లాదేశ్ ఫలితాన్ని నేరుగా అన్వయిస్తే ఇక్కడ నీరు ఆదా కాదని చెప్పి అధ్యయనాన్ని ముగించవచ్చు. అనేకులు ఈ దశలో ఆ వ్యాసాన్ని ప్రస్తావించకుండా వదిలేస్తారు. అది పొరపాటు. అంతరాన్ని పదును పెట్టేది ఆ వ్యాసమే.

ఎందుకంటే రాతి నేలల్లోని బోరుకు యాసంగి చివరలో నీరు తగ్గుతుంది. నీటికి ధర లేకపోయినా కొరత ఉంది. ఒక మడిలో మిగిలిన నీరు మరొక మడిని ఎండకుండా కాపాడవచ్చు. ధర చేసే పనిని కొరత చేయగలదా అన్నది ఆ రెండు అధ్యయనాలూ తేల్చని ప్రశ్న. దీనికి మరొక పార్శ్వం ఉంది. ఆదా చేసిన నీటితో రైతు వరి విస్తీర్ణం పెంచితే ఎకరాకు వాడకం తగ్గినా బోరు నుంచి తోడే మొత్తం నీరు తగ్గకపోవచ్చు.

ఇప్పుడు తెలంగాణ కేవలం ప్రదేశం పేరు కాదు. ఫలితాన్ని మార్చగల పరిస్థితికి పేరు. ప్రదేశం అంతరంగా మారేది ఇలాంటప్పుడే.

మూడవ మెట్టు: ఉపోద్ఘాతంలో రాయడం

ఉపోద్ఘాతం సాధారణంగా మూడు కదలికలుగా సాగుతుందని జాన్ స్వేల్స్ 1990లో వివరించాడు: రంగాన్ని పరిచయం చేయడం, అందులో ఖాళీని చూపడం, ఆ ఖాళీని తన అధ్యయనంతో నింపడం. విద్యార్థి తొలి ప్రతిలో రెండవ కదలిక ఇలా ఉందనుకుందాం:

"ఈ పద్ధతిపై ఎన్నో అధ్యయనాలు జరిగినా తెలంగాణ రైతుల పరిజ్ఞానంపై తగినన్ని జరగలేదు. కావున ఈ అధ్యయనం చేపట్టబడింది."

"తగినన్ని" అంటే ఎన్నో తెలియదు. పరిజ్ఞానం తెలిస్తే ఏ నిర్ణయం మారుతుందో తెలియదు. సవరించిన ప్రతి ఇలా ఉండవచ్చు:

"తేలికగా ఆరబెట్టినప్పుడు దిగుబడి తగ్గకుండా నీరు ఆదా అవుతుందని క్షేత్ర ప్రయోగాలు నిర్ధారించాయి (కారిజో, సహచరులు, 2017). అయితే వాడకాన్ని బట్టి ఖర్చు పెరిగే రైతుల వద్దే ఈ ఆదా కనిపించిందని బంగ్లాదేశ్ ప్రయోగం తెలిపింది (చక్రవర్తి, సహచరులు, 2023). ఉచిత విద్యుత్తు ఉండి, బోరు నీరు పరిమితమైన చోట కొరతే ఆ ప్రోత్సాహాన్ని ఇస్తుందా అన్నది మేము పరిశీలించిన సాహిత్యంలో కొలవబడలేదు. ఇది తేలనిదే గొట్టాల పంపిణీతో భూగర్భ జలం మిగులుతుందని చెప్పలేము. అందువల్ల ఈ అధ్యయనం బోరు నీటి లభ్యతలో తేడా ఉన్న రైతుల వద్ద మోటారు నడిచిన గంటలను, వరి విస్తీర్ణాన్ని కొలుస్తుంది."

ఇందులో ముందుగా తెలిసినదాన్ని నిజాయితీగా ఒప్పుకున్నాం. తరువాత అది ఎక్కడ ఆగిపోయిందో చూపాం. తెలియకపోవడం వల్ల ఏ నిర్ణయం నిలిచిపోయిందో చెప్పాం. చివరి వాక్యంలోని కొలతలు ఖాళీలోని ప్రశ్నకే సమాధానమిస్తాయి. "మేము పరిశీలించిన సాహిత్యంలో" అన్న హద్దు కూడా అవసరమే. అయితే వెతికిన పట్టిక దానిని సమర్థించినప్పుడే ఆ మాట రాయాలి. ఏ భాండాగారాలలో, ఏ పదాలతో, ఏ తేదీ వరకు వెతికారో పద్ధతుల విభాగంలో నమోదు చేయాలి.

సమర్పించే ముందు పరీక్ష

ఉపోద్ఘాతంలోని అంతరపు వాక్యాన్ని, లక్ష్యాలను ఒక కాగితంపై పక్కపక్కన రాసి చూడాలి. అంతరం నీటి ఆదా గురించి ఉండి లక్ష్యం "రైతుల సామాజిక, ఆర్థిక లక్షణాల పరిశీలన" అయితే రెండింటిలో ఒకటి తప్పు. పిమ్మట ఫలితం రెండు విధాలుగానూ వచ్చిందని ఊహించాలి. కొరత ఉన్నచోట మోటారు గంటలు తగ్గితే, నీరు త్వరగా తగ్గే బోర్ల గ్రామాలలో ముందుగా ప్రదర్శనలు పెట్టవచ్చు. తగ్గకపోతే, గొట్టం ఒక్కటే చాలదని విస్తరణ అధికారి గ్రహిస్తాడు. రెండు ఫలితాలూ ఒకే సిఫారసుకు దారి తీస్తే అక్కడ నిజమైన అంతరం లేదు. విద్యార్థి మళ్ళీ పట్టికలోని నాలుగో గడికి వెళ్ళవలసి ఉంటుంది.