నర్సమ్మ షుగరు రాయాలా, వద్దా?

సరోజది సూర్యాపేట. ఆమె, భర్త వెంకన్న కలిసి కిరాణా కొట్టు నడుపుతారు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. అత్త నర్సమ్మ, మామ రామయ్య కూడా వాళ్లతోనే ఉంటారు. నర్సమ్మకు 63 ఏళ్లు. ఆరేళ్ల నుంచి షుగరు ఉంది. పోయిన ఏడాది కాలికి పుండు పడి మానడానికి రెండు నెలలు పట్టింది. రామయ్యకు 72 ఏళ్లు. ఆయనకు గుండె జబ్బు. రోజూ మాత్రలు వేసుకుంటాడు.

వాళ్లకు రేషన్ కార్డు లేదు. కొట్టు మీద వచ్చే ఆదాయం లెక్క దాటిందని ఇవ్వలేదు. అందుకే ఆరోగ్య బీమా తీసుకోవాలని అనుకున్నారు.

2026 జనవరిలో ఒకరోజు ఏజెంటు కొట్టుకు వచ్చాడు. "అక్కా, ఆరుగురికీ కలిపి ఒకటే పాలసీ. ఐదు లక్షలు. ఏడాదికి 70 వేలు కడితే చాలు" అన్నాడు. ఫారం తీసి గబగబా రాయడం మొదలుపెట్టాడు.

సరోజ ఫారం వైపు చూసింది. సాక్షరతా కేంద్రంలో చదువు నేర్చుకున్నాక ఆమె ఏ కాగితాన్నీ చదవకుండా వదలదు. ఫారం ఇంగ్లీషులో ఉంది.

"ఇక్కడ ఏం రాస్తున్నవు తమ్మీ?" అని అడిగింది.

"జబ్బులు ఉన్నాయా అని అడుగుతున్నారక్కా. లేవని రాస్తున్న. షుగరు, గుండె అని రాస్తే రేటు పెరుగుతది. ఒక్కోసారి పాలసీయే ఇయ్యరు. రాయకుంటే ఎవరికి తెలుస్తది?"

సరోజకు మనసు ఒప్పలేదు. "రెండు రోజులు ఆగు. ఆలోచించి చెప్త" అన్నది.

పద్మ చెప్పిన మాట

ఆ సాయంత్రం సరోజ పద్మ ఇంటికి వెళ్లింది. పద్మ మహిళా సంఘంలో లెక్కలు రాస్తుంది. ఏజెంటు మాట వినగానే పద్మ ముఖం వాడిపోయింది.

"మా అమ్మకు కూడ అట్లనే బీపీ రాయలేదు సరోజా. రెండేళ్లు డబ్బు కట్టినం. తర్వాత అమ్మకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరు అడిగితే, ఎనిమిదేళ్ల నుంచి బీపీ ఉందని అమ్మనే చెప్పింది. డాక్టరు అదే కేసు షీటులో రాసిండు. కంపెనీవాళ్లు ఆ కాగితం చూసిన్రు. జబ్బు దాచినవని చెప్పి పైస ఇయ్యలేదు. పాలసీ కూడ రద్దు చేసిన్రు. కట్టిన డబ్బు పోయింది. రెండు లక్షల బిల్లు మా నెత్తిన పడ్డది."

జబ్బు దాగదు. పాత మందుల చీటీలు ఉంటాయి. రక్త పరీక్షల కాగితాలు ఉంటాయి. అన్నిటికీ మించి, ఆసుపత్రిలో చేరిన రోజు డాక్టరుకు నిజం చెప్పక తప్పదు. చెప్పకపోతే వైద్యం తప్పుతుంది. ఆ నిజమే కంపెనీకి చేరుతుంది.

"మరి రాస్తే ఏమైతది?" అని సరోజ అడిగింది.

"రాస్తే రేటు కొంత పెంచొచ్చు. పరీక్షలు చేయించుమనొచ్చు. ఒక కంపెనీ ఇయ్యనంటే ఇంకో కంపెనీని అడగాలె. ఇచ్చినంక మాత్రం ఆ జబ్బుకు కొన్నాళ్లు ఆగాలె."

ఆగే కాలం అంటే ఏమిటి?

పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బును పాత జబ్బు అంటారు. పాత జబ్బుకు కంపెనీ మొదటి రోజు నుంచే డబ్బు ఇవ్వదు. కొంతకాలం ఆగమంటుంది. దీన్నే వెయిటింగ్ పీరియడ్ అంటారు. మనం ఆగే కాలం అందాం.

ఇదివరకు ఈ ఆగే కాలం నాలుగేళ్ల దాకా ఉండేది. 2024లో బీమా కంపెనీలకు కొత్త నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పాత జబ్బుకు మూడేళ్ల కంటే ఎక్కువ ఆగమనకూడదు. కొన్ని పాలసీల్లో రెండేళ్లే ఉంటుంది. కొన్నింటిలో ఇంకా తక్కువ ఉంటుంది.

ఆ లోపల పాలసీ ఎందుకూ పనికిరాదని కాదు. కింద పడి చెయ్యి విరిగితే మొదటి రోజు నుంచే డబ్బు వస్తుంది. డెంగీ లాంటి కొత్త జబ్బు వస్తే 30 రోజులు దాటాక వస్తుంది. కంటి శుక్లాలు, మోకాలి చిప్ప మార్పిడి వంటి కొన్నింటికి వేరే ఆగే కాలం ఉంటుంది. అది ఎక్కువగా రెండేళ్లు ఉంటుంది.

ఆగే కాలం పాలసీ మొదలైన రోజు నుంచి లెక్కకు వస్తుంది. ఏటా గడువులోగా డబ్బు కట్టాలి. పాలసీ తెగిపోయి కొత్తది తీసుకుంటే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

అందరికీ ఒకటేనా, వేరువేరా?

"ఆరుగురికీ ఒకటే పాలసీ అన్నడు. మంచిదే కదా?" అని సరోజ అడిగింది.

పద్మ కాగితం తీసి రాసింది.

ఒకటే పాలసీ అయితే ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి రేటు కడతారు. ఇక్కడ పెద్దవాడు రామయ్య. ఆయన 72 ఏళ్ల వయసు వల్ల మొత్తం రేటు పెరుగుతుంది. ఇంకో చిక్కు ఉంది. ఐదు లక్షలు ఒక్కొక్కరికీ కాదు, అందరికీ కలిపి. రామయ్య గుండె ఆపరేషనుకు నాలుగు లక్షలు అయితే, ఆ ఏడాది మిగతా ఐదుగురికీ మిగిలేది ఒక్క లక్షే.

"మామయ్యకు వేరే దారి ఉన్నది" అన్నది పద్మ. "ఆయనకు 70 దాటినయి కదా!"

2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 70 ఏళ్లు నిండిన వాళ్లకు కూడా ఇచ్చింది. ఆదాయం ఎంత అని అడగరు. ఆధార్ కార్డు మీద వయసు చూస్తారు. ఏడాదికి ఐదు లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఉచితం. పాత జబ్బుకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఇంట్లో ఇద్దరికి 70 దాటితే ఐదు లక్షలు ఇద్దరికీ కలిపి.

దీనికీ హద్దులున్నాయి. పథకంలో చేరిన ఆసుపత్రికే వెళ్లాలి. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. రామయ్య రోజూ వేసుకునే మాత్రలకు డబ్బు రాదు. దగ్గరలో ఏ ఆసుపత్రి ఆ కార్డు తీసుకుంటుందో ముందే అడిగి రాసి పెట్టుకోవాలి. 14555 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

నర్సమ్మకు 70 నిండలేదు. ఆమెకు ఈ కార్డు రాదు. ఆమెకు విడిగా పాలసీ కావాలి. సరోజ, వెంకన్న, పిల్లలు నలుగురికీ కలిపి ఇంకో పాలసీ చాలు.

రెండు పాలసీల లెక్క

సరోజ ఏజెంటును మళ్లీ పిలిచింది. "మా అత్తమ్మకు షుగరు ఉందని రాస్తం. అట్ల ఇచ్చే పాలసీలు చూపియ్యి. ఒక్కోదానికి తెలుగులో కాగితం కూడ కావాలె" అన్నది.

ప్రతి పాలసీకీ కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే చిన్న కాగితం ఉంటుంది. ఎంత డబ్బు వస్తుంది, దేనికి రాదు, ఎన్నాళ్లు ఆగాలి అన్నవి అందులో ఉంటాయి. అడిగితే కంపెనీ దాన్ని మన భాషలో ఇవ్వాలి.

ఏజెంటు రెండు పాలసీలు తెచ్చాడు. రెండూ ఐదు లక్షలవే. కంపెనీని బట్టి రేట్లు మారుతాయి. సరోజకు చెప్పినవి ఇవి.

మొదటిది: ఏడాదికి 24 వేలు. షుగరుకు మూడేళ్లు ఆగాలి. బిల్లులో మన వాటా లేదు.

రెండవది: ఏడాదికి 27 వేలు. షుగరుకు ఒక ఏడాది ఆగాలి. ప్రతి బిల్లులో నూటికి 20 రూపాయలు మనం కట్టాలి. దీన్ని కో-పే అంటారు. అంటే మన వాటా.

సరోజ, వెంకన్న ఆ రాత్రి కూర్చుని లెక్క వేశారు.

"అమ్మకు కాలి పుండు మళ్లీ లేచిందనుకో. 80 వేల బిల్లు అయిందనుకో" అన్నాడు వెంకన్న.

పుండు 2027 జూన్‌లో లేస్తే, మొదటి పాలసీలో ఆగే కాలం తీరదు. అది 2029 జనవరి దాకా ఉంటుంది. 80 వేలూ వాళ్లే కట్టుకోవాలి. రెండవ పాలసీలో 2027 జనవరికే ఆగే కాలం తీరిపోతుంది. వాళ్ల వాటా 16 వేలు. కంపెనీ 64 వేలు ఇస్తుంది.

పుండు 2029 జూన్‌లో లేస్తే, మొదటి పాలసీయే మేలు. కంపెనీ 80 వేలూ ఇస్తుంది. రెండవ దానిలో 16 వేలు వాటా కట్టక తప్పదు.

రెండవ పాలసీకి ఏడాదికి మూడు వేలు ఎక్కువ. మూడేళ్లకు తొమ్మిది వేలు.

నర్సమ్మ తలుపు దగ్గర కూర్చుని అంతా విన్నది. "నా మీద ఇంత ఖర్చెందుకు బిడ్డా? పిల్లలకు తీసుకోండ్రి, చాలు" అన్నది.

"అట్లనకు అత్తమ్మా. నీ కాలు పోయిన ఏడాదే మానింది. మూడేళ్లు ఆగుతదని నమ్మి కూసుంటమా?" అన్నది సరోజ.

వాళ్లు రెండవ పాలసీ తీసుకున్నారు. నర్సమ్మ ఆరోగ్యంగా ఉండి, చిన్న జాగ్రత్తకే తీసుకుంటే మొదటిదే చాలేది. జబ్బు ఇప్పటికే ముదురుతున్న మనిషికి ఆగే కాలం తక్కువ ఉన్నదే అక్కరకొస్తుంది.

పాలసీ ఇంటికి వచ్చాక

పది రోజులకు పాలసీ కాగితాలు వచ్చాయి. సరోజ, పద్మ కలిసి చూశారు. పాత జబ్బు అన్న చోట షుగరు అని ఉంది. ఎప్పటి నుంచి అన్న చోట ఆరేళ్లు అని ఉంది. నర్సమ్మ వయసు సరిగ్గా ఉంది. మన వాటా నూటికి 20 అని ఉంది.

పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల సమయం ఉంటుంది. ఏజెంటు చెప్పినది ఒకటి, కాగితంలో ఉన్నది ఒకటి అయితే ఆ లోపల తిప్పి పంపవచ్చు. కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు తిరిగి ఇస్తారు. జబ్బు రాయమని చెప్పినా రాయకపోతే, ఆ లోపలే కంపెనీకి కాగితం రాసి దిద్దించుకోవాలి.

సరోజ ఆ కాగితాలను, నర్సమ్మ మందుల చీటీలను ఒకే సంచిలో పెట్టింది. సంచి మీద తన చేతితో రాసింది: "డబ్బు కట్టే నెల - జనవరి."

మాటలు - అర్థాలు

ప్రీమియం: బీమా కోసం మనం ఏటా కట్టే డబ్బు
పాత జబ్బు: పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బు
ఆగే కాలం: పాత జబ్బుకు డబ్బు రాని కాలం
కో-పే: బిల్లులో మన వాటా

చెప్పండి

1. పద్మ తల్లికి బీమా డబ్బు ఎందుకు రాలేదు?
2. రామయ్యను అందరితో కలిపి ఒకే పాలసీలో ఎందుకు చేర్చలేదు?
3. నర్సమ్మకు ఆయుష్మాన్ కార్డు ఎందుకు రాలేదు?

లెక్క చేయండి

నర్సమ్మకు 2028లో 50 వేల రూపాయల బిల్లు అయింది. నూటికి 20 ఆమె వాటా. ఇంటివాళ్లు ఎంత కట్టాలి? కంపెనీ ఎంత ఇస్తుంది?

మీ ఇంట్లో చూడండి

మీ ఇంట్లో పెద్దల పేర్లు, వయసు, జబ్బులు, అవి ఎప్పటి నుంచి ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. బీమా ఫారం నింపే రోజు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.