మీ ఇంటి వైఫై రూటర్‌లో బిల్డ్ తేదీ ఎప్పుడైనా చూశారా?



గత నెల ఎనిమిదో తరగతిలో నెట్‌వర్క్‌ల పాఠం చెబుతూ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను. "మీ ఇంట్లో ఫోన్ ఈ ఏడాది అప్‌డేట్ అయిందా?" అంటే చేతులన్నీ లేచాయి. "మరి వైఫై రూటర్?" అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. "దానికి కూడా అప్‌డేట్ ఉంటుందా మేడమ్? అది ఉత్త డబ్బానే కదా!" అన్నాడు ఒకబ్బాయి. మర్నాడు వాళ్ల నాన్నగారు డైరీలో ఒక లైను రాసి పంపారు: "నెట్ బాగానే వస్తోంది కదా, మరి అప్‌డేట్ ఎందుకు?" మంచి ప్రశ్న. డైరీలో జవాబు రాయడానికి చోటు చాలదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రూటర్ ఉత్త డబ్బా కాదు, చిన్న కంప్యూటర్. దానికీ ప్రాసెసర్, మెమరీ ఉంటాయి. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌నే ఫర్మ్‌వేర్ అంటారు. ఫోన్ అయితే అప్‌డేట్ వచ్చిందని తనే గుర్తు చేస్తుంది. రూటర్‌కి తెర లేదు, చెప్పే నోరూ లేదు. కొన్న రోజున లోపల ఏ ఫర్మ్‌వేర్ ఉందో, మూడేళ్ల తర్వాత కూడా చాలా ఇళ్లలో అదే ఉంటుంది.

ఉంటే ఏమవుతుందో ఒక నిజమైన ఉదాహరణతో చెబుతాను. టీపీ-లింక్ కంపెనీ ఆర్చర్ AX21 అనే రూటర్ చాలామంది ఇళ్లలో వాడేదే. 2022 డిసెంబరులో టొరంటోలో జరిగిన పోన్2ఓన్ అనే హ్యాకింగ్ పోటీలో దీనిలో ఒక లోపం బయటపడింది. రూటర్ సెట్టింగ్స్ పేజీలో దేశం పేరు ఎంచుకునే చోటు ఒకటుంటుంది. అక్కడ వచ్చిన అక్షరాలు నిజంగా దేశం పేరేనా కాదా అని ఫర్మ్‌వేర్ సరిచూసుకోవడం లేదు. దేశం పేరు బదులు ఒక ఆదేశం పంపితే, రూటర్ దాన్ని యజమాని ఇచ్చిన ఆదేశంలాగే అమలు చేసేది. పాస్‌వర్డ్ కూడా అడగదు. మామూలుగా ఆ పేజీ ఇంటి లోపలి నుంచే తెరుచుకోవాలి. కానీ మరో లోపం వల్ల కొద్దిసేపు బయట ఇంటర్నెట్ నుంచి కూడా అందుబాటులోకి వచ్చేది.

కంపెనీ 2023 మార్చిలో దీన్ని సరిచేసిన ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. ఏప్రిల్‌లోనే మిరాయ్ అనే పాత దొంగ ప్రోగ్రామ్‌ను నడిపేవాళ్లు అదే లోపాన్ని వాడుకుని AX21 రూటర్లలోకి దూరడం మొదలుపెట్టారు. అంటే యజమానుల చేతిలో ఉన్నది ఇంచుమించు నెల రోజులు. చాలామందికి ఇక్కడే అర్థం కానిది ఒకటుంది. కంపెనీ తాళం బాగుచేసి ఇచ్చిన రోజునే, పాత తాళం ఎక్కడ వదులుగా ఉందో దొంగలకూ తెలిసిపోతుంది. కొత్త ఫర్మ్‌వేర్‌ను పాతదాని పక్కన పెట్టి పోల్చి చూస్తే ఏ లైను మారిందో కనిపిస్తుంది. కాబట్టి అప్‌డేట్ వచ్చాక కూడా పాతదాన్నే ఉంచుకున్న రూటర్, అసలు అప్‌డేట్ రాకముందు కన్నా ఎక్కువ ప్రమాదంలో పడుతుంది.

ఇక "నెట్ బాగానే వస్తోంది కదా" అనే మాట. దూరినవాడికి కావలసింది కూడా అదే. నెట్ ఆగిపోతే మీరు రూటర్ మార్చేస్తారు కదా! మిరాయ్ ఇలాంటి రూటర్లను వేలకొద్దీ పోగుచేసుకుని, అన్నిటి చేతా ఒకేసారి ఏదో ఒక సర్వర్ మీదకు దాడి చేయిస్తుంది. AX21లోకి దూరిన రకంలో అయితే ఆన్‌లైన్ గేమ్ సర్వర్లను పడగొట్టే భాగం కూడా ఉంది. మన పిల్లాడు ఆడే గేమ్ మధ్యలో ఆగిపోవడానికి మన రూటర్ కూడా ఒక చెయ్యి వేసి ఉండొచ్చన్నమాట. దాడి జరిగే సమయంలో సాయంత్రం పూట నెట్ కాస్త నెమ్మదిస్తుంది. "లైన్‌లో ఏదో ప్రాబ్లమ్" అని ఊరుకుంటాం.

అప్పుడు చేసే పని, స్విచ్ ఆపి మళ్లీ వేయడం. మిరాయ్ రూటర్ మెమరీలో మాత్రమే ఉంటుంది కాబట్టి స్విచ్ ఆపితే నిజంగానే పోతుంది. కానీ లోపం అలాగే ఉంది. ఇంటర్నెట్‌లో ఇలాంటి రూటర్ల కోసం వెతికే ప్రోగ్రామ్‌లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి మళ్లీ దూరుతుంది. చీమల్ని ఊడ్చేసి, చక్కెర డబ్బా మూత తెరిచే ఉంచినట్టు. మూత పెట్టడమంటే ఫర్మ్‌వేర్ మార్చడమే. ఇదే AX21ను తీసుకుని ఎలాగో చూద్దాం. మీది వేరే కంపెనీదైతే పదాలు కొంచెం మారతాయి, వరుస ఇదే.

ముందు రూటర్‌ను తిరగేసి అడుగున ఉన్న లేబుల్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మోడల్ పేరు పక్కన Ver అని ఒక అంకె ఉంటుంది. అది హార్డ్‌వేర్ వెర్షన్. ఒకే పేరుతో అమ్మిన రూటర్ లోపలి భాగాలు మధ్యలో మారుస్తుంటారు కాబట్టి ఈ అంకె ముఖ్యం. లాగిన్ చిరునామా కూడా ఆ లేబుల్ మీదే ఉంటుంది, ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1. కనిపించకపోతే విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
ipconfig
```

వచ్చిన వాటిలో Default Gateway ఎదురుగా ఉన్న అంకెలే మీ రూటర్ చిరునామా. వాటిని బ్రౌజర్‌లో పైన అడ్రస్ ఉండే చోటే టైప్ చేయండి. గూగుల్‌లో "రూటర్ లాగిన్" అని వెతకొద్దు. అక్కడ కస్టమర్ కేర్ పేరుతో దొంగ ఫోన్ నంబర్లు కూడా ఎదురవుతాయి, ఈ పనికి ఎవరికీ ఫోన్ చేయాల్సిన అవసరం లేదు. పాత టీపీ-లింక్ లేబుళ్ల మీద tplinklogin.net అని ఉండేది. ఆ డొమైన్ కంపెనీ చేతిలోంచి జారిపోయిందని 2016లో బయటపడింది. అందుకే నేను అంకెలనే నమ్ముతాను.

పేజీ అడిగేది అడ్మిన్ పాస్‌వర్డ్. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. మర్చిపోతే రూటర్‌ను రీసెట్ చేయాల్సి వస్తుంది. కానీ రీసెట్ చేస్తే ఇంటర్నెట్ కంపెనీవాళ్లు ఇచ్చిన PPPoE యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. అవి చేతిలో ఉంటే తప్ప రీసెట్ బటన్ నొక్కకండి.

లోపలికి వెళ్లాక Advanced, తర్వాత System, అందులో Firmware Upgrade. అక్కడ Firmware Version ఎదురుగా ఒక పొడుగాటి వరుస కనిపిస్తుంది. Build అనే మాట తర్వాత వచ్చే ఎనిమిది అంకెలు చూడండి. అది తేదీ: మొదట సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు. AX21లో ఆ లోపాన్ని సరిచేసిన వెర్షన్ 1.1.4 Build 20230219, అంటే 2023 ఫిబ్రవరి 19న తయారైనది. మీ తెర మీద 2022తో మొదలయ్యే అంకెలుంటే, ఆ లోపం మీ ఇంట్లో ఇంకా తెరిచే ఉందని అర్థం.

మార్చే ముందు అదే System కింద Backup & Restoreకి వెళ్లి సెట్టింగ్స్‌ను ఒక ఫైల్‌గా దాచుకోండి. తర్వాత Check for Updates నొక్కండి. కొత్తది ఉంటే తనే దించుకుంటుంది. "లేటెస్టే ఉంది" అని చెప్పినా, బిల్డ్ తేదీ బాగా పాతదైతే కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్, మీ హార్డ్‌వేర్ వెర్షన్, మన దేశం ఎంచుకుని ఒకసారి సరిచూడండి. కొన్నిసార్లు అక్కడ ఉన్నది రూటర్‌కి ఇంకా అంది ఉండదు. అక్కడ దొరికే జిప్ ఫైల్‌ను విప్పి, లోపల .binతో ముగిసే ఫైల్‌ను Local Upgrade దగ్గర ఇవ్వాలి. ఈ పద్ధతికి వైఫై కన్నా లాన్ కేబుల్ మంచిది. V1 రూటర్‌కి V3 ఫైల్ ఇస్తే చాలావరకు రూటరే తిప్పికొడుతుంది. పొరపాటున ఒప్పుకుంటే మాత్రం మళ్లీ లేవకపోవచ్చు.

అసలు భయం కరెంటుది. పాతది చెరిపి కొత్తది రాసుకుంటున్న ఆ మూడు నాలుగు నిమిషాల్లో కరెంటు పోతే రూటర్ సగం సాఫ్ట్‌వేర్‌తో మిగిలిపోతుంది. ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణానికే కొన్ని రూటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. మీ ఇంట్లో అలా అవుతుందో లేదో మీకు తెలిసే ఉంటుంది. గాలివాన సాయంత్రం వద్దు, పిల్లల ఆన్‌లైన్ పరీక్ష ముందు అసలే వద్దు. ఆదివారం పొద్దున్న చేయండి. లైట్లు ఆరి వెలుగుతుంటే కంగారుపడి స్విచ్ ఆపకండి, పది నిమిషాలు ఓపిక పట్టండి.

తిరిగి వచ్చాక మళ్లీ అదే పేజీ తెరిచి బిల్డ్ తేదీ మారిందో లేదో చూడండి. మారితేనే పని అయినట్టు. అంకెలు పాతవే ఉంటే అప్‌డేట్ పడలేదని లెక్క. వైఫై పేరు, పాస్‌వర్డ్ కూడా ఒకసారి చూసుకోండి, కొన్ని అప్‌డేట్‌లు వాటిని మొదటికి తెస్తాయి. పోతే, దాచుకున్న బ్యాకప్ ఫైల్ ఇప్పుడు పనికొస్తుంది. Auto Update అనే మీట ఉంటే ఆన్ చేసి పెట్టండి. ఇన్నాళ్లూ పాత ఫర్మ్‌వేర్‌తో నడిచిన రూటర్ అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి, ఎందుకంటే ఈలోగా ఎవరైనా లోపలికి వచ్చి చూసి ఉంటే కొత్త ఫర్మ్‌వేర్ వల్ల వాళ్లకు తెలిసిన పాస్‌వర్డ్ మారిపోదు.

రెండు రకాల ఇళ్లలో ఈ పద్ధతి కుదరదు. ఫైబర్ కనెక్షన్‌తో పాటు కంపెనీవాళ్లే పెట్టి వెళ్లిన డబ్బాలలో చాలావాటికి ఫర్మ్‌వేర్ వాళ్ల వైపు నుంచే వస్తుంది, మీ పేజీలో ఆ బటన్ కనిపించదు. అలాంటప్పుడు వెర్షన్, బిల్డ్ అంకెలను ఫోటో తీసి, "దీనికి చివరి అప్‌డేట్ ఎప్పుడు పంపారు?" అని కస్టమర్ కేర్‌ను అడగండి. రెండోది, మరీ పాత రూటర్లు. రెండు యాంటెన్నాల తెల్ల డబ్బా TL-WR841N మీలో కొందరి ఇళ్లలో ఇంకా ఉండే ఉంటుంది. దాని పాత హార్డ్‌వేర్ వెర్షన్లలోని ఒక లోపాన్ని దొంగలు వాడుకుంటున్నారని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్‌ఏ 2025 జూన్‌లో హెచ్చరించింది. అంత పాతవాటికి కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం ఆపేసింది. అలాంటి రూటర్‌కి పాస్‌వర్డ్ ఎంత గట్టిది పెట్టినా లాభం లేదు, మార్చేయాల్సిందే. కొత్తది కొనేటప్పుడు షాపులో స్పీడ్ ఒక్కటే అడగకుండా, కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి చివరి ఫర్మ్‌వేర్ ఏ తేదీన వచ్చిందో ఫోన్‌లో చూసి కొనండి.

డైరీలో ప్రశ్న రాసిన నాన్నగారికి: మీవాడికి ఈ ఆదివారం హోంవర్క్ ఇదే ఇచ్చాను. ఆ ఎనిమిది అంకెలు నోట్‌బుక్‌లో రాసుకు రమ్మన్నాను. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం వాడికి చెప్పకుండా మీరే టైప్ చేయండి.