సూర్యరాశికి తోడు బుధుడు, శుక్రుడు, కుజుడు: గూడూరు పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఒకే సూర్యరాశిలో పుట్టిన ఇద్దరి స్వభావాలు ఉప్పూ నిప్పూలా ఉంటాయి. ఆ తేడాను జ్యోతిషం ఎలా వివరిస్తుంది?

జవాబు: సూర్యరాశి అంటే పుట్టిన రోజున సూర్యుడు ఉన్న రాశి. ఒక్కో రాశిలో సూర్యుడు నెల రోజులు ఉంటాడు కాబట్టి ఆ నెలలో పుట్టిన వారందరికీ ఒకే వర్ణన వర్తిస్తుంది. పాశ్చాత్య జ్యోతిషంలో సూర్యుడిది మనిషి మూల స్వభావం మాత్రమే. ఆలోచించే తీరు, మాటతీరు బుధుడివి. ఇష్టం, అభిరుచి, ఆప్యాయత చూపే పద్ధతి శుక్రుడివి. పని మొదలుపెట్టే ఊపు, కోపం, పోటీ కుజుడివి. గ్రహం ఏ పని జరుగుతుందో చెబితే, అది ఉన్న రాశి ఆ పని ఎలా జరుగుతుందో చెబుతుంది.

పన్నెండు రాశులకూ విడివిడిగా వర్ణనలు గుర్తుపెట్టుకోనక్కరలేదు. రాశి తత్త్వం తెలిస్తే సగం పని అయినట్టే. మేషం, సింహం, ధనుస్సు అగ్నితత్త్వం. వృషభం, కన్య, మకరం భూతత్త్వం. మిథునం, తుల, కుంభం వాయుతత్త్వం. కర్కాటకం, వృశ్చికం, మీనం జలతత్త్వం. ఉదాహరణకు కోపమే తీసుకుంటే, కుజుడు అగ్నిరాశిలో ఉన్నవాడి కోపం అప్పుడే భగ్గుమని అప్పుడే చల్లారుతుందని, జలరాశిలో ఉన్నవాడి కోపం బయటికి రాకుండా లోపలే మరుగుతుందని గ్రంథాలు చెబుతాయి. ఇద్దరూ ఒకే సూర్యరాశి వారు కావచ్చు.

ప్రశ్న: ఈ మూడు గ్రహాలూ ఏ రాశిలోనైనా ఉండవచ్చా?

జవాబు: కుజుడు ఉండవచ్చు, మిగిలిన రెండూ ఉండలేవు. బుధ శుక్రుల కక్ష్యలు భూకక్ష్యకు లోపల ఉన్నాయి. అందుకే భూమి నుంచి చూస్తే అవి సూర్యుణ్ణి వదిలి దూరం పోలేవు. వేగుచుక్కగా పిలిచే శుక్రుడు తెల్లవారుజామున తూర్పున గానీ, సంజవేళ పడమట గానీ కనిపిస్తాడు తప్ప నడిరాత్రి గూడూరు నడినెత్తిన ఎప్పుడూ కనిపించడు. సూర్యుడికి మరీ దగ్గరైతే అసలే కనిపించడు. పెళ్లిళ్లు ఆపే శుక్ర మూఢం అదే.

శుక్రుడు సూర్యుడి నుంచి సుమారు 47 డిగ్రీలు, బుధుడు 28 డిగ్రీలు మించి జరగవు. రాశి 30 డిగ్రీలు కాబట్టి బుధుడు సూర్యుడున్న రాశిలోనో, దానికి అటూ ఇటూ ఉన్న రాశుల్లోనో ఉంటాడు. శుక్రుడికి ముందు రెండు, వెనుక రెండు కలిపి అయిదు రాశులు సాధ్యం. కుజుడి కక్ష్య భూకక్ష్యకు వెలుపల ఉంది, కనుక పన్నెండు రాశులూ తెరిచే ఉంటాయి. 3, 5, 12 గుణిస్తే ఒక సూర్యరాశి గరిష్ఠంగా 180 రకాలుగా చీలుతుంది.

దీన్నిబట్టి ఏ గ్రహం ఎంత కొత్త సంగతి చెబుతుందో కూడా తెలుస్తుంది. సూర్యుడూ బుధుడూ ఒకే రాశిలో ఉంటే దాన్ని బుధాదిత్య యోగం అంటారు. ఉన్న అవకాశాలే మూడు కాబట్టి అది అరుదైన యోగమేమీ కాదు, సూర్యరాశి వర్ణనకు అది కలిపేదీ తక్కువే. కుజుడు మామూలుగా రాశికి నెలన్నర చొప్పున నడుస్తాడు, వక్రిస్తే నెలల తరబడి ఒకేచోట ఉంటాడు. 2022 ఆగస్టు 20 నుంచి 2023 మార్చి 25 వరకు కుజుడు పాశ్చాత్య లెక్కలో మిథునంలోనే ఉన్నాడు. ఆ ఏడు నెలల్లో పుట్టిన పిల్లలందరికీ కుజరాశి ఒకటే, మారేది సూర్యరాశి. సూర్యుడు, కుజుడు వేర్వేరు తత్త్వాల్లో ఉన్నప్పుడే కుజరాశి వర్ణనకు ఎక్కువ వివరం జోడిస్తుంది.

ప్రశ్న: పుట్టిన తేదీ ఉంది, సమయం సరిగా తెలియదు. ఈ రాశులు కనుక్కోవచ్చా?

జవాబు: చాలావరకు కనుక్కోవచ్చు. సమయం, ఊరు నిక్కచ్చిగా కావలసింది లగ్నానికి. అది సుమారు రెండు గంటలకొకసారి రాశి మారుతుంది. గ్రహాల రాశులు మాత్రం గూడూరులో పుట్టినా గుంటూరులో పుట్టినా ఒకటే.

పాశ్చాత్య గ్రహస్థితి పట్టికలు సాధారణంగా గ్రీనిచ్ అర్ధరాత్రికి లెక్కకట్టి ఉంటాయి. అది మనకు ఉదయం అయిదున్నర. కాబట్టి పుట్టిన సమయంలోంచి 5 గంటల 30 నిమిషాలు తీసేయాలి. 5వ తేదీ తెల్లవారుజామున రెండింటికి పుట్టిన బిడ్డకు పట్టికలో సమయం 4వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర. ఈ తీసివేత మరిచిపోతే రాశి మారే రోజుల్లో ఫలితం తప్పుతుంది. తరువాత ఆ రోజు గడిలో సూర్య, బుధ, శుక్ర, కుజుల రాశి, డిగ్రీలు రాసుకోవాలి. బుధుడు వేగంగా నడిచే రోజుల్లో దినానికి రెండు డిగ్రీల దాకా కదులుతాడు, శుక్రుడు ఒకటింబావు, కుజుడు సుమారు ముప్పావు డిగ్రీ దాకా. డిగ్రీ రాశి మధ్యలో ఉంటే సమయం తెలియకపోయినా నష్టం లేదు. 29 దగ్గరో సున్నా దగ్గరో ఉంటే మాత్రం సమయం తెలిసేదాకా ఆ గ్రహం రాశిని ఖాయం చేయకూడదు.

ప్రశ్న: నిజమైన జాతకంతో చూపించగలరా?

జవాబు: నెల్లూరు కుటుంబానికి చెందిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న పుట్టారు. ఆ ఉదయానికి పాశ్చాత్య లెక్కలో సూర్యుడు మిథునంలో దాదాపు 13 డిగ్రీలు, బుధుడు మిథునంలోనే 17, శుక్రుడు కర్కాటకంలో 13, కుజుడు సింహంలో 21. ఏదీ రాశి అంచున లేదు, కనుక పుట్టిన గంటతో పని లేదు.

సూర్యరాశి పుస్తకం మిథునానికి మాటకారితనం, కుతూహలం, ఒకేసారి పది పనుల మీద మనసు అని రాస్తుంది. బుధుడూ అక్కడే ఉన్నాడు, పైగా మిథునం అతని సొంత రాశి. కాబట్టి కొత్త గుణం రాదు, ఉన్నదే గట్టిపడుతుంది. నాలుగు భాషల్లో జాతీయ పురస్కారాలు, కమల్ హాసన్‌కు తెలుగు గొంతు కావడం జ్యోతిషులు ఈ కోవలోకి తెస్తారు. శుక్రుడు కర్కాటకంలో ఉండటంతో వర్ణన మలుపు తిరుగుతుంది. మిథునానికి అంటుకోని తత్త్వం చెబుతారు. కర్కాటక శుక్రుడికి ఇల్లు, పుట్టినచోటు, పాత అనుబంధాల మీద మమకారం చెబుతారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇవ్వడం దానికి ఉదాహరణ అవుతుంది. సింహ కుజుడు వేదిక మీద నిలబడి పదిమందినీ ముందుకు నడిపించే ఊపు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’ దానికి సరిపోతుంది. ఒక్క మిథునం నుంచి ఈ చివరి రెండూ రావు. మూడు గ్రహాలు కలిపే వివరం అంటే ఇదే.

ప్రశ్న: మన పంచాంగంలో ఇవే గ్రహాలు వేరే రాశుల్లో ఉంటాయి. ఏది నిజం?

జవాబు: ఆకాశం ఒకటే, కొలత మొదలుపెట్టే చోటు వేరు. పాశ్చాత్యులది సాయన పద్ధతి. మార్చి 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమైనప్పుడు సూర్యుడున్న చోటు వారికి మేషాది. మన పంచాంగాలది నిరయణ పద్ధతి. నక్షత్రాలను ఆధారం చేసుకోవడం వల్ల మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది. ఈ రెంటి మధ్య తేడా అయనాంశ. ఇప్పుడది 24 డిగ్రీల చేరువలో ఉంది, 1946లో 23 డిగ్రీల పైచిలుకు. దీనికి తోడు తెలుగువారు ‘నా రాశి’ అనేది చంద్రుడున్న జన్మరాశిని. పత్రికల వారఫలాలూ ఎక్కువగా దాన్నిబట్టే ఉంటాయి. కాబట్టి సాయన సూర్యరాశి పుస్తకంలోని వర్ణనను జన్మరాశికి అతికించకూడదు.

పై జాతకంలోంచి 23 డిగ్రీలు తీసేస్తే సూర్య బుధులు వృషభంలోకి, శుక్రుడు మిథునంలోకి, కుజుడు కర్కాటకంలో 28వ డిగ్రీ దగ్గరికి వస్తారు. సింహంలో వేదికనేలే కుజుడు ఇక్కడ నీచస్థానంలో, అందులోనూ పరమనీచ భాగం దగ్గర పడ్డాడు. ఒకే గ్రహానికి రెండు పద్ధతుల్లో రెండు వర్ణనలు వచ్చాయి. వాటిని కలిపి చదివితే ఏదో ఒకటి ఎప్పుడూ సరిపోతుంది, అందువల్ల ఏదీ తేలదు. ఒక పద్ధతి పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా దానిలోనే సాగడం నియమం.

ప్రశ్న: వివరం పెరిగినకొద్దీ వర్ణన నిజానికి దగ్గరవుతుందా?

జవాబు: వివరం పెరగడం వేరు, రుజువు కావడం వేరు. పైన బాలసుబ్రహ్మణ్యం జీవితం ముందే తెలుసు, రాశులకు తగిన సంఘటనలు తరువాత ఎంచడం జరిగింది. కుజుడు సింహంలో కాక కన్యలో ఉండి ఉంటే శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోకుండానే ‘శంకరాభరణం’ పాటలు పాడిన సాధననూ, పనిలోని పట్టింపునూ చూపి అంతే నమ్మకంగా చెప్పవచ్చు. గ్రహాలు పెరిగేకొద్దీ ఏదో ఒకటి కుదిరే అవకాశమూ పెరుగుతుంది.

మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 1948లో తన విద్యార్థులందరికీ ఒకే స్వభావ వర్ణన ఇచ్చి, అది ఎవరికి వారికి ప్రత్యేకంగా రాసిందని చెప్పాడు. అందులోని వాక్యాలు అంగట్లో దొరికే జ్యోతిష పుస్తకంలోంచి తీసినవి. విద్యార్థులు సగటున 5కు 4.26 మార్కులు వేశారు. 1985లో షాన్ కార్ల్‌సన్ ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరీక్షలో జ్యోతిషులకు ఒక పూర్తి జాతకం, మూడు స్వభావ పత్రాలు ఇచ్చి సరైన పత్రాన్ని గుర్తించమన్నారు. దాదాపు మూడింట ఒకసారే కుదిరింది. కళ్లు మూసుకుని ఎంచినా వచ్చేది అంతే.

ఇంట్లో కూడా దీన్ని సరిచూడవచ్చు. బాగా తెలిసిన నలుగురి బుధ, శుక్ర, కుజ వర్ణనలను పేర్లు, రాశులు తీసేసి కాగితాల మీద రాసి కలిపేయాలి. ఆ నలుగురినీ ఎరిగిన మరొకరు ఏ కాగితం ఎవరిదో చెప్పాలి. గుడ్డిగా ఎంచితే సగటున ఒక్కటి కుదురుతుంది. పలుమార్లు, పలువురితో చేసినా ఒకటి దాటకపోతే ఆ వర్ణనలు ఎవరికైనా సరిపోయేవేనని అర్థం.