పదిహేను సెకన్లలో పేరు ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న: చిన్న వ్యాపారుల సమావేశాల్లో ఇరవై మంది కొత్తవాళ్ల ముందు 15 సెకన్లలో పరిచయం చేసుకోవాలి. తర్వాత నేనెవరో ఎవరికీ గుర్తుండడం లేదు. ఏం చేయాలి?

జవాబు: లోపం చాలాసార్లు వినేవాళ్ల ధ్యాసలో ఉంటుంది. 1973లో మాల్కమ్ బ్రెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని కూర్చోబెట్టి, వంతులవారీగా పదాలు చదివించారు. తమ వంతుకు కాస్త ముందు ఇతరులు చదివిన పదాలు వాళ్లకు సరిగా గుర్తులేవు. కాబట్టి వరసలో మీ తర్వాత మాట్లాడాల్సిన ఒకరిద్దరి చెవిన మీ పరిచయం పడలేదనే అనుకోవాలి. ఆ ఒకరిద్దరిని టీ విరామంలో మళ్లీ పలకరించాల్సిందే.

రెండో చిక్కు పేరుతో. 1987లో బ్రిటన్‌ పరిశోధకులు ముఖాలు చూపించి పేర్లు, వృత్తులు నేర్పితే, వృత్తులే ఎక్కువగా గుర్తున్నాయి. అందుకే ముందు పని చెప్పి, పేరును చివర కాస్త ఆగి, విడిగా పలకడం మేలు.

నింపాదిగా మాట్లాడితే 15 సెకన్లలో పట్టేది పాతిక మాటలే. గుంటూరులో పచ్చళ్లు చేసే ఒకావిడ ఉన్నారనుకుందాం. ‘ఆహార ఉత్పత్తుల రంగంలో ఉన్నాను, నాణ్యతే మా ధ్యేయం’ అంటే ఎవరి కంటికీ ఏమీ కట్టదు. అదే ఇలా అంటే? ‘గుంటూరు నుంచి లేడీస్ హాస్టళ్లకు గోంగూర పచ్చడి డబ్బాల్లో పంపుతాను. హాస్టల్ నడిపేవాళ్లు ఉంటే విరామంలో కలవండి. నా పేరు... లక్ష్మి.’ వస్తువు, కొనేవాళ్లు, అడిగేది, మూడూ వచ్చేశాయి. అనుభవం, అవార్డులు ఇక్కడ అక్కర్లేదు.

విరామంలో ఎవరైనా ‘హాస్టళ్లకు గోంగూర పంపేది మీరే కదూ?’ అంటే పని జరిగినట్టే. ‘మీరేం చేస్తుంటారు?’ అని అడిగితే మాత్రం వచ్చే సమావేశానికి మొదటి వాక్యం మార్చండి.