నర్సరీ మొక్కను ఇంటి ఎండకు అలవాటు చేయడం ఎలా?

వీడియోలో మీరు చూస్తున్న నిమ్మ మొక్కను శాంతిపురం తెచ్చిన రోజే మిద్దె మీద పెట్టేశాం. నాలుగో రోజుకు పై ఆకుల మీద తెల్లటి మచ్చలు వచ్చి, తర్వాత గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయాయి. తెగులేమో అని కషాయం కొట్టబోయాం. కానీ ఇది ఎండదెబ్బ.

నర్సరీలో ఈ మొక్క షేడ్‌నెట్ కింద పెరిగింది. నీడలో వచ్చిన ఆకు పలుచగా ఉంటుంది, ఎండకు అదే ఆకు మందంగా మారదు. ఎండను తట్టుకునేది ఇక్కడ కొత్తగా వచ్చే చిగురే. అందుకే దానికి టైం ఇవ్వాలి.

రెండోసారి తెచ్చిన మొక్కను మూడు రోజులు వరండాలో, వెలుతురు ఉండి నేరుగా ఎండ పడని చోట ఉంచాం. తర్వాత పొద్దున ఒక గంట ఎండ చూపించి, రెండు రోజులకొకసారి ఇంకో గంట పెంచుకుంటూ పోయాం. రెండు వారాలు దాటాకే మిద్దె ఎక్కించాం. అప్పటిదాకా కవరు మార్చలేదు, జీవామృతం కూడా పోయలేదు. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్లు.

కింది ముదురు ఆకులు రెండు మూడు పసుపై రాలితే భయం లేదు. అన్నీ రాలిపోతే కొమ్మను గోటితో గీకండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది, పీకేయొద్దు. ఆకులు లేని మొక్కకు నీళ్లు మాత్రం తగ్గించండి, లేకుంటే వేరు కుళ్లుతుంది.